మురుగునీటి శుద్ధి కేంద్రం: ట్యాంకు కొలతను నిర్ణయించేది ఏది?

మురుగునీటి శుద్ధి కేంద్రానికి రాసే డిజైన్ ప్రాతిపదిక పత్రం చాలాసార్లు ఒకటి రెండు పేజీల పట్టికతో ముగుస్తుంది. రోజుకు ఇన్ని లక్షల లీటర్లు, వచ్చే నీటిలో బీఓడీ, అంటే సేంద్రియ కాలుష్యాన్ని సూక్ష్మజీవులు తినేయడానికి కావాల్సిన ఆక్సిజన్, ఇంత, బయటికి వెళ్లే నీటిలో ఇంత, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో నీటి నిలువ కాలం 16 గంటలు. చూడటానికి అన్నీ ఉన్నట్టే ఉంటాయి. కానీ ఆ ప్రవాహం ఏ కాలానికి సగటో, ఆ బీఓడీ ఎలా తీసిన నమూనాలోదో, ఆ పరిమితిని నెల సగటుతో పోలుస్తారో ప్రతి నమూనాతో పోలుస్తారో పట్టిక చెప్పదు. అన్నిటికంటే పెద్ద లోపం ఆ చివరి అంకెలో ఉంది. నిలువ కాలం అనేది లెక్క చివర బయటపడాల్సిన ఫలితం. దాన్ని ముందే ఊహగా రాసేస్తే మిగతా అంకెలకు డిజైన్‌లో పని లేకుండా పోతుంది.

ఒక ఊహాత్మక పట్టణాన్ని తీసుకుని ఆ లెక్క మొదటి నుంచి ఎలా నడుస్తుందో చూద్దాం. డిజైన్ సంవత్సరానికి జనాభా 60,000. శుద్ధి విధానం యాక్టివేటెడ్ స్లడ్జ్, అంటే ట్యాంకులో పెంచిన సూక్ష్మజీవుల బురదతో కాలుష్యాన్ని తినిపించడం. ముందు ఆక్సిజన్ లేని అనాక్సిక్ భాగం, తర్వాత గాలి ఊదే భాగం, ఆపై బురద అడుగుకు తేరి నీరు వేరయ్యే క్లారిఫయర్లు. ప్రాథమిక సెటిలింగ్ ట్యాంకు లేదు.

ప్రవాహం ఒకటి కాదు

మనిషికి రోజుకు 150 లీటర్ల నీటి సరఫరా ఉంటే, అందులో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని అనుకోవచ్చు. అంటే 120 లీటర్లు. 60,000 మందికి 7,200 ఘనమీటర్లు. కీళ్ల సందుల్లోంచి, పగుళ్లలోంచి పైపుల్లోకి ఊరే భూగర్భజలానికి మరో 800 కలిపితే సగటు రోజు ప్రవాహం 8,000 ఘనమీటర్లు, గంటకు 333. ఉదయం రద్దీ వేళ అది రెండుంపావు రెట్లకు చేరుతుందనుకుంటే గంటకు 750 ఘనమీటర్లు.

ఈ రెండు అంకెలకూ వేర్వేరు పనులున్నాయి. జల్లెడలు, ఇసుక తొట్లు, కాలువలు, పైపులు, క్లారిఫయర్ల ఉపరితలం గంట గరిష్ఠాన్ని తట్టుకోవాలి; నీరు ఆ గంటలోనే అక్కడి నుంచి దాటిపోవాలి కనుక. ఏరేషన్ ట్యాంకు పరిమాణం మాత్రం ఆ గంటను పెద్దగా పట్టించుకోదు. అందులోని సూక్ష్మజీవుల రాశి రోజుల తరబడి పోగవుతుంది కాబట్టి, దాన్ని నిర్ణయించేది కొన్ని వారాల పాటు కొనసాగే కాలుష్య భారం. అందుకే జీవ ప్రక్రియకు అత్యధిక నెల సగటును, నీటి దారికి అత్యధిక గంటను తీసుకుంటారు. ప్రాతిపదిక పత్రంలో ఒకే ‘గరిష్ఠ గుణకం’ రాసి అన్ని యూనిట్లకూ దాన్నే వాడితే, కొన్ని అనవసరంగా పెద్దవి, కొన్ని ప్రమాదకరంగా చిన్నవి అవుతాయి.

కనిష్ఠ ప్రవాహం ఊసే ఉండని పత్రాలు ఎక్కువ. తొలి ఏడాది ఇళ్లలో సగం కూడా మురుగు పైపులకు కలవకపోతే, అర్ధరాత్రి ప్రవాహం సగటులో చిన్న భాగమే ఉంటుంది. గరిష్ఠానికి ఎంచిన పంపు అప్పుడు నిమిషం నడిచి ఆగుతూ ఉంటుంది. వెడల్పాటి కాలువల్లో ఇసుక అడుగున పేరుకుంటుంది.

భారాన్ని మనుషుల నుంచి లెక్కించాలి

కాలుష్యాన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పడం అలవాటు. డిజైన్‌కు మాత్రం ఆధారం రోజుకు కిలోలే. నీటి సరఫరా పెరిగితే సాంద్రత తగ్గుతుంది, వాన నీరు కలిస్తే ఇంకా తగ్గుతుంది. కానీ ఒక మనిషి నుంచి రోజూ వచ్చే సేంద్రియ పదార్థం, నత్రజని అంతగా మారవు. ఐరోపా సమాఖ్య 1991 నాటి పట్టణ మురుగునీటి ఆదేశం ఒక ‘జనాభా సమానం’ను రోజుకు 60 గ్రాముల బీఓడీగా నిర్వచించింది. ఆహారపు అలవాట్లు, వంటింటి వ్యర్థాల పారవేత, చిన్న పరిశ్రమల వాటాను బట్టి ఇతర చోట్ల ఇంతకంటే తక్కువ వాడతారు. మన పట్టణానికి 50 గ్రాముల బీఓడీ, 60 గ్రాముల టీఎస్‌ఎస్, అంటే నీటిలో కరగకుండా తేలాడే ఘనపదార్థం, 10 గ్రాముల టీకేఎన్, అంటే అమ్మోనియా, సేంద్రియ రూపాల్లోని నత్రజని మొత్తం, అనుకుందాం. రోజుకు బీఓడీ 3,000 కిలోలు, టీఎస్‌ఎస్ 3,600, టీకేఎన్ 600. సగటు ప్రవాహంతో భాగిస్తే బీఓడీ లీటరుకు 375 మిల్లీగ్రాములు, టీకేఎన్ 75.

ఇప్పుడు ఈ అంకెను కొలతతో సరిచూడాలి. అసలు పాఠం ఇక్కడే ఉంది. పాత ప్రధాన మురుగు పైపు దగ్గర ఉదయం పది గంటలకు సీసాలో పట్టిన ఒక్క నమూనా 420 చూపిందనుకుందాం. దానికి విలువ దాదాపు లేదు. అది రోజులోకెల్లా చిక్కటి గంట. ప్రవాహానికి తగ్గ మోతాదులో 24 గంటలూ సేకరించిన మిశ్రమ నమూనాలు, అదీ వారంలోని అన్ని రోజులకూ తీస్తే, సగటు 270 వచ్చిందనుకుందాం. అదే నమూనాల్లో టీకేఎన్ 70. ఆ సమయంలో ప్రవాహం రోజుకు 5,000 ఘనమీటర్లు, పైపుకు కలిసిన జనాభా 40,000.

గుణించి చూస్తే బీఓడీ రోజుకు 1,350 కిలోలు, అంటే మనిషికి 34 గ్రాములు. టీకేఎన్ 350 కిలోలు, మనిషికి దాదాపు 9 గ్రాములు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గి ఉంటే కారణం సులువు: కలిసిన జనాభాను ఎక్కువగా అంచనా వేశారు, లేదా ప్రవాహం కొలిచే మీటరు తక్కువ చూపుతోంది, లేదా పైపు మధ్యలో ఎక్కడో కారిపోతోంది. ఇక్కడ నత్రజని దాదాపు పూర్తిగా వచ్చింది, బీఓడీ మాత్రం మూడో వంతు మాయమైంది. మనుషులు ఉన్నారు, నీరూ వచ్చింది, సేంద్రియ పదార్థం దారిలో ఖర్చయింది. ఇళ్ల దగ్గరి సెప్టిక్ ట్యాంకులను తీసివేయకుండా వాటి పైనీటినే మురుగు పైపుకు కలిపితే సరిగ్గా ఇదే జాడ కనిపిస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఘనపదార్థాన్ని పట్టి ఉంచి బీఓడీని తగ్గిస్తుంది; అమ్మోనియాను ఏమీ చేయదు. పైపు బాగా పొడవై మురుగు గంటల తరబడి అందులోనే ఉన్నా కొంతవరకు ఇదే జరుగుతుంది.

అలాంటప్పుడు డిజైన్ బీఓడీ 34 గ్రాములా, 50 గ్రాములా? రెండూ. కొత్త ఇళ్లు నేరుగా కలిసే కొద్దీ, పాత సెప్టిక్ ట్యాంకులు మూసే కొద్దీ భారం 50 వైపు వెళ్తుంది. ట్యాంకు పరిమాణం, గాలి సామర్థ్యం దాన్ని మోయాలి. ఆ లోపు ఏళ్ల తరబడి 34 గ్రాముల పలచటి మురుగే వస్తుంది. అది ట్యాంకుకు తేలిక, కానీ నత్రజని తొలగింపుకు కష్టం. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ప్రాతిపదిక పత్రంలో వీటిని ‘పూర్తి భారం’, ‘తక్కువ కార్బన్’ అనే రెండు సందర్భాలుగా విడిగా రాయాలి. రెండింటి మధ్య ఒక సగటు అంకె పెడితే అది ఏ సందర్భానికీ సరిపోదు.

నెల గరిష్ఠానికి 1.2 గుణకం తీసుకుందాం. పూర్తి భారం సందర్భంలో బీఓడీ రోజుకు 3,600 కిలోలు, టీకేఎన్ 720 అవుతాయి. బురదను కేంద్రంలోనే గాలి లేకుండా జీర్ణం చేసి నీరు పిండితే, ఆ పిండిన నీటిలో అమ్మోనియా బాగా చిక్కగా ఉండి ట్యాంకుకే తిరిగి వస్తుంది. అప్పుడు ఆ భారాన్నీ కలపాలి. మన ఉదాహరణలో జీర్ణక్రియ లేదు కనుక వదిలేస్తున్నాం.

పరిమితిని ఎలా చదవాలి

బయటికి వెళ్లే నీటికి బీఓడీ 10, టీఎస్‌ఎస్ 10, అమ్మోనియా నత్రజని 5, మొత్తం నత్రజని 15 మిల్లీగ్రాములు పరిమితి అనుకుందాం. ముందు అడగాల్సిన ప్రశ్న: ఏ కాలానికి? నెల సగటు 5 దాటకూడదనడం వేరు, ఏ రోజు నమూనా తీసినా 5 దాటకూడదనడం వేరు. అమ్మోనియా రోజంతా ఒకేలా బయటికి రాదు. మధ్యాహ్నానికి ముందు పైకి లేచి రాత్రికి దాదాపు అడుగంటుతుంది. ప్రతి నమూనాకూ పరిమితి వర్తిస్తే డిజైన్ సగటు దానికి చాలా కింద ఉండాలి. ఇక్కడ అమ్మోనియాకు 2 లక్ష్యంగా తీసుకుందాం.

రెండో విషయం, పరిమితులు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. క్లారిఫయర్ నుంచి జారిపోయే ప్రతి మిల్లీగ్రాము బురద తనతో దాదాపు 0.4 మిల్లీగ్రాముల బీఓడీని మోసుకెళ్తుంది. క్లారిఫయర్ 20 మిల్లీగ్రాముల టీఎస్‌ఎస్ ఇస్తే అందులోనే 8 బీఓడీ ఉంది. కరిగిన బీఓడీ 3 కలిపితే 11. జీవ ప్రక్రియ ఎంత బాగా నడిచినా బీఓడీ 10 దక్కలేదు. కాబట్టి ఇంత కఠినమైన బీఓడీ పరిమితి అంటే అసలు అర్థం క్లారిఫయర్ తర్వాత ఫిల్టర్ కావాలని. ఏరేషన్ ట్యాంకును పెంచి దీన్ని సాధించాలనుకోవడం వృథా ప్రయాస.

ట్యాంకును నిర్ణయించేది అమ్మోనియా

బీఓడీని తినే బ్యాక్టీరియా వేగంగా పెరుగుతాయి. వాటికి రెండు మూడు రోజుల బురద వయసు చాలు. బురద వయసంటే సూక్ష్మజీవి సగటున ఎన్ని రోజులు వ్యవస్థలో ఉంటుందన్నది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే నైట్రిఫయర్లు నెమ్మదిగా పెరుగుతాయి. రోజూ బయటికి తీసే బురదతో అవి పెరిగేదానికంటే వేగంగా కొట్టుకుపోతే కొన్ని వారాల్లో వ్యవస్థలో మిగలవు. అందుకే అమ్మోనియా పరిమితి ఉన్న చోట ట్యాంకు కొలతను ఈ నెమ్మది జీవులే నిర్ణయిస్తాయి.

వాటి పెరుగుదల నీటి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఇక్కడ పట్టుకోవాల్సింది గాలి ఉష్ణోగ్రతను కాదు. ఏడాదిలో అతి చల్లని నెలలో మురుగునీటి సగటు ఉష్ణోగ్రతను. అది 18 డిగ్రీలనుకుందాం. 20 డిగ్రీల దగ్గర నైట్రిఫయర్ల గరిష్ఠ పెరుగుదల రేటు రోజుకు 0.75 అని, వాటి క్షీణత 0.08 అని డిజైన్‌లో తరచుగా తీసుకుంటారు. 18 డిగ్రీలకు సవరిస్తే అవి 0.655, 0.074 అవుతాయి. ట్యాంకులో అమ్మోనియా 2 దగ్గర ఉన్నప్పుడు పూర్తి వేగంలో దాదాపు 75 శాతం, కరిగిన ఆక్సిజన్ 2 దగ్గర ఉన్నప్పుడు అందులో మళ్లీ 80 శాతం మాత్రమే దక్కుతుంది.

```
0.655 × 0.75 × 0.80 − 0.074 = 0.319 / రోజు
కనీస బురద వయసు = 1 / 0.319 ≈ 3.1 రోజులు
```

ఇది అంచు. నత్రజని భారం గంటగంటకూ మారుతుంది, కొన్ని రసాయనాలు నైట్రిఫయర్లను అణచివేస్తాయి. కాబట్టి రెండు రెట్ల భద్రత తీసుకుని గాలి ఊదే భాగంలో 6.5 రోజులు అనుకుందాం. నైట్రేటును నత్రజని వాయువుగా మార్చే అనాక్సిక్ భాగానికి మొత్తం ట్యాంకులో 30 శాతం ఇస్తే, మొత్తం బురద వయసు 6.5ని 0.7తో భాగించగా 9.3 రోజులు. ఉష్ణోగ్రత అంచనా ఎంత కీలకమో తెలియాలంటే ఇదే లెక్కను 12 డిగ్రీలకు చేయాలి: కనీస వయసు 3.1 నుంచి 4.9 రోజులకు పెరుగుతుంది. ట్యాంకు దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి. ఉష్ణోగ్రత గడిని ఖాళీగా వదిలిన ప్రాతిపదిక పత్రం ట్యాంకు పరిమాణం చెప్పలేదు.

తర్వాతి అడుగు బురద ఎంత పుడుతుందన్నది. ప్రాథమిక సెటిలింగ్ లేదు కనుక, వచ్చే ఘనపదార్థమంతా ట్యాంకులోకే వెళ్తుంది. అందులో కుళ్లని భాగం బురదలోనే మిగులుతుంది. టీఎస్‌ఎస్, బీఓడీల నిష్పత్తి 1.2, వయసు తొమ్మిది రోజుల పైన ఉన్నప్పుడు కిలో బీఓడీకి దాదాపు 0.97 కిలోల బురద వస్తుంది. నెల గరిష్ఠ భారం 3,600 కిలోలకు రోజుకు 3,500 కిలోలు. ఆ బురద 9.3 రోజులు వ్యవస్థలో ఉండాలంటే ట్యాంకులో ఎప్పుడూ 32,550 కిలోలు నిల్వ ఉండాలి. ట్యాంకులో బురద సాంద్రత, అంటే ఎంఎల్‌ఎస్‌ఎస్, ఘనమీటరుకు 3.5 కిలోలు అనుకుంటే పరిమాణం 9,300 ఘనమీటర్లు.

సగటు ప్రవాహంతో భాగిస్తే నిలువ కాలం 28 గంటలు. మొదట్లో చెప్పిన 16 గంటల పట్టికను దీని పక్కన పెట్టాలి. 16 గంటలంటే 5,330 ఘనమీటర్ల ట్యాంకు. అదే 3.5 సాంద్రతతో నడిపితే అందులో పట్టే బురద వయసు 5.3 రోజులు, గాలి భాగంలో 3.7. కనీసం 3.1 కాబట్టి కాగితం మీద ఇది పని చేస్తుంది. నిజంలో చలి నెలలో రెండు మూడు రోజులు ఆక్సిజన్ కాస్త తగ్గినా, బురద కాస్త ఎక్కువ తీసేసినా నైట్రిఫయర్లు జారిపోతాయి. దీన్ని గుర్తించడం కష్టం కాదు. బీఓడీ చక్కగా 10 లోపలే ఉంటుంది, నీరు తేటగా కనిపిస్తుంది, అమ్మోనియా మాత్రం వారం వారం పెరుగుతుంది. వేసవి రాగానే మాయమవుతుంది, చలికాలంలో మళ్లీ వస్తుంది. ఆపరేటర్లను తప్పుపట్టే ముందు ప్రాతిపదిక పత్రంలో బురద వయసు ఎంత రాశారో చూడటం న్యాయం.

ఆదా చేసిన చోటు క్లారిఫయర్‌లో తిరిగి అడుగుతుంది

చిన్న ట్యాంకును కాపాడుకోవడానికి ఒక దారి కనిపిస్తుంది: బురద సాంద్రత పెంచడం. 32,550 కిలోలను 5,330 ఘనమీటర్లలో పట్టించాలంటే ఎంఎల్‌ఎస్‌ఎస్ 6.1 కావాలి. ఏరేషన్ ట్యాంకు దాన్ని మోయగలదు. మోయలేనిది క్లారిఫయర్.

క్లారిఫయర్ సామర్థ్యం నీటి మీద ఒక్కదాని మీదే ఆధారపడదు. బురద సాంద్రతను ఎస్‌వీఐతో, అంటే ఒక గ్రాము బురద అరగంట తేరిన తర్వాత ఆక్రమించే మిల్లీలీటర్లతో గుణిస్తే బురద పరిమాణం వస్తుంది. అది ఎంత పెద్దదైతే నీరు పైకి లేచే వేగాన్ని అంత తగ్గించాలి. జర్మనీ మార్గదర్శకం ఏ131 అడ్డంగా ప్రవహించే క్లారిఫయర్లకు ఈ భారాన్ని చదరపు మీటరుకు గంటకు 500 లీటర్లకు పరిమితం చేస్తుంది. ఎస్‌వీఐ 150, సాంద్రత 3.5 అయితే బురద పరిమాణం లీటరుకు 525 మిల్లీలీటర్లు. అనుమతించే వేగం గంటకు 0.95 మీటర్లు. గంట గరిష్ఠం 750 ఘనమీటర్లకు 790 చదరపు మీటర్లు కావాలి. సుమారు 22.5 మీటర్ల వ్యాసంతో రెండు గుండ్రటి క్లారిఫయర్లు.

సాంద్రత 6.1 అయితే బురద పరిమాణం 915. ఇది ఒక లీటరు జాడీలో దాదాపు తేరకుండానే నిలబడే బురద. అనుమతించే వేగం గంటకు 0.55 మీటర్లకు పడిపోయి విస్తీర్ణం 1,370 చదరపు మీటర్లకు చేరుతుంది. అదీ ఎస్‌వీఐ 150 దగ్గరే ఉంటేనే. పోగుల్లాంటి తంతు బ్యాక్టీరియా పెరిగి ఎస్‌వీఐ 200 దాటిన నెలలో బురద ఉదయపు రద్దీకి అంచు మీద నుంచి పొర్లిపోతుంది. కొట్టుకుపోయేది నైట్రిఫయర్లు ఉన్న బురదే కనుక, తరువాతి వారం అమ్మోనియా కూడా పెరుగుతుంది. అందువల్ల ఎస్‌వీఐ అంచనా లేకుండా ఎంఎల్‌ఎస్‌ఎస్ అంచనాకు అర్థం లేదు. ప్రాతిపదిక పత్రంలో ఆ రెండూ ఒకే వరసలో ఉండాలి. ఒక క్లారిఫయర్ మరమ్మతులో ఉన్నప్పుడు రెండోది ఎంత ప్రవాహం వరకు మోయాలన్నది కూడా అక్కడే తేల్చాలి. మన ఉదాహరణలో ఒక్కటే సగటు ప్రవాహాన్ని గంటకు 0.84 మీటర్ల వేగంతో మోయగలదు, ఉదయపు గరిష్ఠాన్ని మోయలేదు.

నత్రజని లెక్కలో పలచటి మురుగు

ఇప్పుడు ముందు వాయిదా వేసిన ప్రశ్నకు వద్దాం. పూర్తి భారం సందర్భంలో వచ్చే టీకేఎన్ 75లో సుమారు 19 మిల్లీగ్రాములు పెరిగే బురద తనలోకి తీసుకుంటుంది (బీఓడీలో 5 శాతం). సేంద్రియ రూపంలో 2, అమ్మోనియాగా 2 బయటికి పోతాయి. మిగిలిన 52 నైట్రేటు అవుతుంది. మొత్తం నత్రజని పరిమితి 15కి కాస్త లోపల ఉండేలా నైట్రేటు 8 దగ్గర ఆపాలనుకుంటే 44 మిల్లీగ్రాములను వాయువుగా మార్చాలి. దానికి ఏరేషన్ చివరి నుంచి అనాక్సిక్ భాగానికి ప్రవాహానికి ఐదున్నర రెట్లు తిరిగి పంపాలి (52ను 8తో భాగించి ఒకటి తీసేస్తే), క్లారిఫయర్ అడుగు నుంచి వెనక్కి వచ్చే తిరుగు బురదతో కలిపి. పరిమితి 15 బదులు 10 అయి ఉంటే నైట్రేటు 5 లేదా 6కు దించాలి. అప్పుడు తిరుగు ప్రవాహం దాదాపు ఎనిమిది రెట్లకో అంతకు మించో పోతుంది. అంత నీటితో పాటు కరిగిన ఆక్సిజన్ కూడా అనాక్సిక్ భాగంలోకి వచ్చి ప్రక్రియను చెడగొడుతుంది. ఒక్క అంకె మారితే రెండో అనాక్సిక్ దశ అవసరమయ్యేది ఇలాగే.

నైట్రేటును తొలగించే బ్యాక్టీరియాకు ఆహారంగా బీఓడీ కావాలి. 44 నత్రజనికి 375 బీఓడీ ఉంది, కిలో బీఓడీకి 0.12 కిలోల నత్రజని. ముందు అనాక్సిక్ ఉన్న వ్యవస్థ ఇది చేయగలదు. తక్కువ కార్బన్ సందర్భంలో బీఓడీ 270, టీకేఎన్ 70. బురద తీసుకునేది 13.5 మాత్రమే కాబట్టి నైట్రేటు అయ్యేది మళ్లీ 52 పైనే. తొలగించాల్సింది 44.5, నిష్పత్తి 0.165. ట్యాంకులో సగాన్ని అనాక్సిక్‌కు ఇచ్చినా 0.15కి మించి ఆశించకూడదన్నది ఏ131 పట్టికల లెక్క. అంటే తేలిగ్గా కనిపించిన పలచటి మురుగే మొత్తం నత్రజని పరిమితిని దాటిస్తుంది. పరిష్కారం ట్యాంకును పెంచడం కాదు. ఎసిటేటు లాంటి కార్బన్ మూలాన్ని మోతాదుగా వేసే ఏర్పాటుకు చోటు వదలడం, ఊళ్లో సెప్టిక్ ట్యాంకులను దాటవేసే పనిని తొందర చేయడం. ప్రాథమిక సెటిలింగ్ పెట్టి ఉంటే ఉన్న కాస్త కార్బన్‌నూ ముందే తీసేసేవాళ్లం. ఇలాంటి మురుగుకు దాన్ని వదిలేయడం సరైన నిర్ణయం.

పత్రాల్లో తరచుగా కనిపించని మరో గడి క్షారత. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రేటు కావడానికి 7.14 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. నైట్రేటు తొలగినప్పుడు అందులో సగం, 3.57, తిరిగి వస్తుంది. 52కు 371 ఖర్చు, 44కు 157 రాబడి, నికరంగా 214. వచ్చే మురుగులో క్షారత 300 ఉంటే 86 మిగులుతుంది, సరిపోతుంది. అనాక్సిక్ భాగం లేకుండా నైట్రిఫికేషన్ ఒక్కటే చేయబోతే 300 చాలదు. పీహెచ్ పడిపోయి నైట్రిఫయర్లే ఆగిపోతాయి. నమూనాల జాబితాలో క్షారతను చేర్చకపోతే ఈ సంగతి కేంద్రం నడిచిన తర్వాతే తెలుస్తుంది.

గాలి

ఆక్సిజన్ లెక్క పైవాటి నుంచే వస్తుంది. నెల గరిష్ఠంలో బీఓడీకి కిలోకు 1.1 చొప్పున 3,960 కిలోలు. నైట్రేటుగా మారే దాదాపు 500 కిలోల నత్రజనికి 4.57 చొప్పున 2,280. తొలగే 420 కిలోల నైట్రేటు నుంచి 2.86 చొప్పున 1,200 తిరిగి దక్కుతాయి. నికరం రోజుకు 5,040, గంటకు 210 కిలోలు. ఇది మురుగునీటిలో నిజంగా కరగాల్సిన ఆక్సిజన్. గాలిని బుడగలుగా నీటిలోకి వదిలే డిఫ్యూజర్ల తయారీదారులు చెప్పేది శుభ్రమైన నీటిలోని అంకె. మురుగులోని సబ్బులు, బురద వల్ల బదిలీ దాదాపు సగానికి పడిపోతుంది. ట్యాంకులో 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలపాలి కనుక ఇంకాస్త తగ్గుతుంది. రెండూ కలిసి శుభ్రమైన నీటి సామర్థ్యం రెండున్నర రెట్లకు పైగా, గంటకు 540 కిలోల దగ్గర కావాలి. రోజులోని గరిష్ఠ గంట దీనిపై అదనం. ఈ సవరణ గుణకాన్ని ప్రాతిపదిక పత్రంలో రాయకపోతే, టెండరులో పాల్గొనే ప్రతి సంస్థా తనకు అనుకూలమైనది వేసుకుంటుంది. అతి తక్కువ ధర పలికిన బ్లోయర్లు అతి ఆశావహమైన గుణకంతో లెక్కించినవే కావచ్చు.

ఆ బ్లోయర్లే తొలి ఏళ్లలో 40 శాతం భారంతో, అర్ధరాత్రి అందులోనూ కొంత భాగంతో నడవాలి. ఒకే పెద్ద బ్లోయర్ అంత కిందికి దిగలేదు. ఎక్కువ గాలి ఊదితే తిరుగు ప్రవాహంతో ఆక్సిజన్ అనాక్సిక్ భాగంలోకి చేరి, అసలే కొరతగా ఉన్న కార్బన్‌ను తినేస్తుంది. అందుకే 9,300 ఘనమీటర్లను రెండు సమాన ట్యాంకులుగా కట్టి మొదట ఒక్కదాన్నే నడపడం, బ్లోయర్లను చిన్నవిగా మూడు నాలుగు పెట్టడం మంచిది. ఏ భారం దగ్గర రెండో ట్యాంకును తెరవాలో కూడా ముందే రాయవచ్చు. ఒక ట్యాంకు 4,650 ఘనమీటర్లు, పూర్తి సామర్థ్యంలో సగం. బీఓడీ నెల సగటు రోజుకు 1,800 కిలోలు దాటుతుండగా, చల్లని నెల రాకముందే దాన్ని తెరవాలి. నైట్రిఫయర్లు కొత్త ట్యాంకులో స్థిరపడటానికి వారాలు పడుతుంది కాబట్టి, అమ్మోనియా పెరగడం చూశాక తెరిస్తే ఆలస్యమైనట్టే.